ఫ్లాట్ కొంటున్నారా? ధర కాదు, ఒప్పందంలోని ఈ నాలుగు చోట్ల బేరమాడండి

ఫ్లాట్ నచ్చింది. ఎస్‌ఎఫ్‌టీకి వంద రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడి ఒప్పించారు. టోకెన్ అడ్వాన్స్ కట్టారు. వారం తర్వాత మార్కెటింగ్ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో అరవై పేజీల పీడీఎఫ్ వచ్చింది. ''సార్, ఇది స్టాండర్డ్ ఫార్మాట్. అందరూ ఇదే సంతకం పెట్టారు. ఆదివారంలోగా వచ్చి సైన్ చేసేయండి'' అన్నారు.

చాలామంది ఆ పీడీఎఫ్‌లో పేరు, ఫ్లాట్ నంబరు, మొత్తం ధర సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని సంతకం పెట్టేస్తారు. అసలు డబ్బు పోయేది మిగతా పేజీల్లోనే. ఫ్లాట్ ఎప్పుడు ఇస్తారు, ఆలస్యమైతే ఎంత చెల్లిస్తారు, లోపల వాడుకునే స్థలం ఎంత, మీరు డబ్బు ఎప్పుడెప్పుడు కట్టాలి అనేవి ఆ పేజీల్లో ఉంటాయి. ఈ నాలుగింటినీ రూపాయల్లోకి మార్చి చూస్తే, గంటసేపు బేరమాడి తగ్గించుకున్న వంద రూపాయలు చాలా చిన్న మొత్తంగా కనిపిస్తాయి.

అందుకే ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేద్దాం. హైదరాబాద్ శివార్లలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో మూడు పడక గదుల ఫ్లాట్ అనుకోండి. బ్రోచర్‌లో 1,650 ఎస్‌ఎఫ్‌టీ అని ఉంది. ఎస్‌ఎఫ్‌టీ రూ.6,500 చొప్పున ధర రూ.1,07,25,000. జీఎస్టీ, రిజిస్ట్రేషన్, కార్పస్ ఫండ్ లాంటివి పక్కన పెడదాం. ఇది ఊహించుకున్న ఫ్లాటే కానీ, దాని ఒప్పందంలోని షరతులు మాత్రం ఇక్కడి డ్రాఫ్టుల్లో తరచూ కనిపించేవే.

ముందుగా ఒక విషయం. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అంటే మనం రెరా అని పిలిచే చట్టం, 13వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక విక్రయ ఒప్పందం చేసుకుని, దాన్ని రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ఫ్లాట్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మన ఉదాహరణలో అది రూ.10,72,500. అగ్రిమెంట్ తర్వాత చూద్దాం, ముందు 30 శాతం కట్టేయండి అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. డబ్బు ఎక్కువగా వెళ్లిపోయాక ఒప్పందంలో ఒక్క అక్షరం మార్పించడం కూడా కష్టం.

ఫ్లాట్ ఇచ్చే తేదీ: క్యాలెండర్‌లో ఉందా, లెక్కల్లో ఉందా?

పొజెషన్ క్లాజ్ తెరవండి. అందులో ఒక తేదీ ఉండాలి. రోజు, నెల, సంవత్సరం అన్నీ ఉండాలి. చాలా డ్రాఫ్టుల్లో తేదీకి బదులు ఒక లెక్క ఉంటుంది: ''ఈ ఒప్పందం తేదీ నుంచి 36 నెలల్లోగా, అదనంగా 6 నెలల గ్రేస్ పీరియడ్‌తో.'' కొన్నింటిలో ఇంకా వదులుగా ''అన్ని అనుమతులూ వచ్చిన నాటి నుంచి'' అనో, ''పునాది పనులు మొదలైన నాటి నుంచి'' అనో రాస్తారు. పునాది ఎప్పుడు మొదలైందో చెప్పాల్సింది బిల్డరే. అంటే గడువు ఎప్పుడు మొదలవుతుందో ఆయన చేతిలోనే ఉంది.

మన ఉదాహరణలో ఒప్పందం 2025 సెప్టెంబరు 30న జరిగిందనుకుందాం. 36 నెలలు కలిపితే 2028 సెప్టెంబరు 30. గ్రేస్ ఆరు నెలలు కలిపితే 2029 మార్చి 31.

ఇప్పుడు ఫోన్‌లో rera.telangana.gov.in తెరిచి అదే ప్రాజెక్టు వివరాలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే rera.ap.gov.in. ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ సమయంలో బిల్డర్ తానే పూర్తిచేసే తేదీని ప్రకటించాలి. అక్కడ 2028 మార్చి 31 అని ఉందనుకోండి. అంటే ప్రభుత్వానికి చెప్పిన తేదీకీ, మీకు రాసిచ్చే తేదీకీ ఏడాది తేడా.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఆలస్యానికి బిల్డర్ మీకు ఏం చెల్లించాలో చెప్పే 18వ సెక్షన్ విక్రయ ఒప్పందంలో రాసుకున్న తేదీనే ఆధారంగా తీసుకుంటుంది. 2017లో నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో బొంబాయి హైకోర్టు కూడా ఇదే చెప్పింది. రెరా చట్టం కింద బిల్డర్ కొత్త గడువు ప్రకటించుకున్నా, కొనుగోలుదారుకు ఆలస్యం లెక్క మాత్రం ఒప్పందంలోని తేదీ నుంచే మొదలవుతుందని పేర్కొంది. ఇందులో మీకు మేలూ ఉంది, ప్రమాదమూ ఉంది. ఒప్పందంలో దగ్గరి తేదీ రాయించుకుంటే, రెరాలో బిల్డర్ గడువు పొడిగించుకున్నా మీ తేదీ కదలదు. దూరపు తేదీకి మీరే సంతకం పెడితే, రెరా సైట్‌లో తేదీ వేరేలా ఉందని తర్వాత వాదించుకోవాల్సి వస్తుంది.

అందుకే బిల్డర్‌ను అడగాల్సిన మొదటి మార్పు ఇదే: నెలల లెక్క తీసేసి, రెరాలో ప్రకటించిన తేదీనే ఒప్పందంలో రాయండి. ఆయన ప్రభుత్వానికి ఇప్పటికే చెప్పిన తేదీ కాబట్టి కుదరదని చెప్పడానికి గట్టి కారణం ఉండదు.

తేదీ పక్కనే మినహాయింపుల జాబితా కూడా ఉంటుంది. చట్టం ప్రకారం బిల్డర్ చేతిలో లేని అవరోధాలంటే యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, నిర్మాణాన్ని అడ్డుకునే ఇతర ప్రకృతి విపత్తులు. డ్రాఫ్టుల్లో దీనికి కూలీల కొరత, ఇసుక దొరకకపోవడం, సిమెంటు ధరలు పెరగడం, కరెంటు, నీటి కనెక్షన్ల జాప్యం కూడా చేర్చేస్తుంటారు. ఇవన్నీ ఇల్లు కట్టే వ్యాపారంలో రోజూ ఉండేవే. ఆ వాక్యాన్ని చట్టంలో ఉన్న జాబితాకే పరిమితం చేయమని అడగండి.

'పొజెషన్' అంటే తాళం చేతికివ్వడమా?

తేదీ సరిగ్గా ఉన్నా, ఆ తేదీన మీకు ఏం ఇస్తారన్నది ఇంకో ప్రశ్న. కొందరు బిల్డర్లు గడువు దగ్గర పడగానే ''ఇంటీరియర్ పనుల కోసం ఫ్లాట్ అప్పగిస్తున్నాం'' అని లెటర్ ఇస్తారు. మీరు సంతకం పెట్టి తాళం తీసుకుంటారు. అప్పటికి లిఫ్టు పనిచేయదు. మురుగునీటి శుద్ధి ప్లాంటు పూర్తికాదు. మున్సిపాలిటీ నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, రాలేదు. కానీ కాగితం మీద మాత్రం అప్పగింత అయిపోయినట్లే. ఆలస్యం లెక్క అక్కడితో ఆగిందని వాళ్లు అంటారు. పైగా మెయింటెనెన్స్ ఛార్జీలు అప్పటి నుంచే వేస్తారు.

రెరా నమూనా ఒప్పందంలో పొజెషన్‌కు అర్థం స్పష్టంగా ఉంది. ఒప్పుకున్న వసతులన్నిటితో ఇల్లు నివాసానికి సిద్ధంగా ఉండాలి, దానికి ఓసీ వచ్చి ఉండాలి. చట్టం 19వ సెక్షన్‌లో మీకో బాధ్యత కూడా పెట్టారు. ఓసీ వచ్చిన రెండు నెలల్లోగా మీరు ఫ్లాట్ స్వాధీనం చేసుకోవాలి. అంటే చట్టం దృష్టిలో అప్పగింత లెక్క ఓసీతోనే మొదలవుతుంది. మీ ఒప్పందంలో ''పొజెషన్ అంటే ఓసీ వచ్చాక ఇచ్చే స్వాధీనం మాత్రమే'' అన్న ఒక్క వాక్యం ఉండాలి. ఇంటీరియర్ల కోసం ముందుగా తాళం తీసుకోవడం తప్పు కాదు. అయితే తీసుకునేటప్పుడు ఇచ్చే లెటర్ మీద ''ఇది తుది అప్పగింత కాదు, ఓసీ రావాల్సి ఉంది'' అని రాసి సంతకం పెట్టండి. ఆ లెటర్ ఫొటో దాచుకోండి.

ఆలస్యమైతే: ఎస్‌ఎఫ్‌టీకి రూ.5, లేక మీరు కట్టిన డబ్బుపై వడ్డీ?

ఇక్కడే అసలు తేడా బయటపడుతుంది. డ్రాఫ్టుల్లో ఈ క్లాజ్ తరచూ ఇలా ఉంటుంది: ''గడువు దాటితే నెలకు ఎస్‌ఎఫ్‌టీకి రూ.5 చొప్పున పరిహారం చెల్లిస్తాం.'' మన 1,650 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటుకు అది నెలకు రూ.8,250. చూడగానే ఎంతో కొంత ఇస్తున్నారు కదా అనిపిస్తుంది.

చట్టం లెక్క వేరు. 18వ సెక్షన్ ప్రకారం ఒప్పుకున్న తేదీకి ఫ్లాట్ ఇవ్వకపోతే మీకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ప్రాజెక్టు నుంచి తప్పుకుని కట్టిన డబ్బంతా వడ్డీతో వెనక్కి తీసుకోవడం. రెండు, ఫ్లాటే కావాలనుకుంటే అప్పగించేవరకూ ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ తీసుకోవడం. దారి ఎంచుకోవాల్సింది మీరు, బిల్డర్ కాదు. గడువు దాటాక డబ్బు వెనక్కి అడిగే హక్కుకు ఎలాంటి షరతులూ లేవని 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

వడ్డీ రేటు ఎంత అన్నది రాష్ట్రాల నిబంధనల్లో ఉంటుంది. తెలంగాణలో అది ఎస్‌బీఐ గరిష్ఠ ఎంసీఎల్ఆర్‌కు 2 శాతం కలిపిన రేటు. ఎంసీఎల్ఆర్ అంటే బ్యాంకు అప్పులకు ప్రాతిపదికగా పెట్టుకునే రేటు. ఇది మారుతుంటుంది కాబట్టి మన లెక్క కోసం మొత్తం 11 శాతం అనుకుందాం. గడువు నాటికి మీరు 90 శాతం, అంటే రూ.96,52,500 కట్టేశారనుకుందాం. దానిపై ఏడాదికి వడ్డీ రూ.10,61,775. నెలకు సుమారు రూ.88,480.

ఒకవైపు రూ.8,250. ఇంకోవైపు రూ.88,480. పదిరెట్లకు పైనే తేడా.

ఇప్పుడు తేదీనీ, పరిహారాన్నీ కలిపి చూడండి. ఫ్లాట్ నిజానికి 2029 సెప్టెంబరు 30న ఇచ్చారనుకుందాం. బిల్డర్ డ్రాఫ్టు ప్రకారం గడువు 2029 మార్చి 31 కాబట్టి ఆలస్యం ఆరు నెలలే. ఎస్‌ఎఫ్‌టీకి రూ.5 చొప్పున మీకు వచ్చేది రూ.49,500. అదే రెరాలో ప్రకటించిన 2028 మార్చి 31 తేదీని ఒప్పందంలో రాయించుకుని ఉంటే ఆలస్యం 18 నెలలు. వడ్డీ సుమారు రూ.15.9 లక్షలు. ఫ్లాట్ అదే, బిల్డర్ అదే, ఆలస్యమూ అంతే. మారింది ఒప్పందంలోని రెండు వాక్యాలే.

ఈ క్లాజ్ పక్కనే ఉండే ఇంకో అంకెనూ చూడండి. మీరు వాయిదా ఆలస్యంగా కడితే బిల్డర్ వసూలు చేసే వడ్డీ అది. అక్కడ 18 శాతమో, 24 శాతమో ఉంటుంది. రెరా చట్టం ప్రకారం ఇది కుదరదు. ఆలస్యానికి మీరు బిల్డర్‌కు చెల్లించే వడ్డీ రేటు, బిల్డర్ మీకు చెల్లించే రేటు సమానంగా ఉండాలి.

''సంతకం పెట్టేశాం కదా, ఇక మా పని అయిపోయినట్లేనా?'' అని అడిగేవారూ ఉంటారు. కాదు. 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ఒప్పందమే వచ్చింది. కొనుగోలుదారు ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ, బిల్డర్ ఆలస్యం చేస్తే 9 శాతమే అని అందులో ఉంది. బిల్డర్ తయారుచేసిన పత్రం మీద సంతకం పెట్టడం తప్ప వేరే దారి లేని కొనుగోలుదారును అలాంటి ఏకపక్ష షరతులతో కట్టిపడేయలేరని కోర్టు చెప్పింది. డబ్బు వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది.

అయితే ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. కోర్టులోనో, రెరా అథారిటీ ముందో గెలవడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. బిల్డర్ చెల్లించకపోతే రెరా ఆదేశాన్ని భూమి శిస్తు బకాయిలా రెవెన్యూ అధికారుల ద్వారా వసూలు చేయాలి. అందుకు సమయం పడుతుంది. ఒప్పందంలోనే సరైన వాక్యం ఉంటే వాదించాల్సిన విషయాలు తగ్గుతాయి. అందుకే పరిహారం క్లాజ్‌లో ఎస్‌ఎఫ్‌టీ లెక్క తీసేసి ''రెరా నిబంధనల్లోని రేటు ప్రకారం, కట్టిన మొత్తంపై నెలనెలా వడ్డీ'' అని మార్చమని అడగండి.

కార్పెట్ ఏరియా: 1,650లో మీ ఇల్లు ఎంత?

బ్రోచర్‌లోని 1,650 ఎస్‌ఎఫ్‌టీలో మీరు నిజంగా వాడుకునే స్థలం కొంతే. మెట్లు, లిఫ్టు, కారిడార్లు, క్లబ్‌హౌస్ లాంటి ఉమ్మడి స్థలాల్లో మీ వాటాను కూడా కలిపి చెప్పే అంకె అది. దీన్నే సూపర్ బిల్టప్ ఏరియా అనో, సేలబుల్ ఏరియా అనో అంటారు. అందులో ఎంత కలపాలో బిల్డరే నిర్ణయించుకుంటారు. అందుకే రెండు ప్రాజెక్టుల మధ్య ఈ అంకెను పోల్చడం అర్థంలేని పని.

చట్టం నిర్వచించింది కార్పెట్ ఏరియాను. ఇంటి లోపల నికరంగా వాడుకునే నేల, గదుల మధ్య ఉండే గోడల మందం కలిపి. బయటి గోడలు, పైపులు వెళ్లే షాఫ్టులు, మీకు మాత్రమే చెందే బాల్కనీ, వరండా, ఓపెన్ టెర్రస్ ఇందులోకి రావు. బాల్కనీ కొలత విడిగా రాయాలి.

మన ఫ్లాట్ కార్పెట్ ఏరియా 1,150 ఎస్‌ఎఫ్‌టీ అనుకుందాం. ధరను దీనితో భాగిస్తే ఎస్‌ఎఫ్‌టీకి రూ.9,326 పడుతుంది. పక్క వీధిలో ఇంకో ప్రాజెక్టు ఉందనుకోండి. అక్కడ 1,600 ఎస్‌ఎఫ్‌టీ, రేటు రూ.6,600. వంద ఎక్కువ కదా అని మీరు వదిలేశారు. ఆ ఫ్లాట్ ధర రూ.1,05,60,000. కార్పెట్ ఏరియా 1,190 ఉంటే ఎస్‌ఎఫ్‌టీకి రూ.8,874 మాత్రమే. రేటు ఎక్కువ అనుకున్న ఫ్లాటే తక్కువ ధరకు ఎక్కువ ఇల్లు ఇస్తోంది.

ఒప్పందంలో చూడాల్సింది రెండు విషయాలు. మొదటిది, కార్పెట్ ఏరియా అంకె షెడ్యూల్‌లో ఉండాలి, దానితోపాటు గదుల కొలతలున్న ఫ్లోర్ ప్లాన్ జతచేయాలి. కొలతలు చదరపు మీటర్లలో ఉంటే 10.764తో గుణిస్తే చదరపు అడుగులు వస్తాయి. ప్రతి గది పొడవు, వెడల్పు గుణించి, అన్నీ కూడి చూడండి. గదుల మధ్య గోడల మందం కలుస్తుంది కాబట్టి మీ మొత్తం షెడ్యూల్‌లోని అంకె కంటే కొంచెం తక్కువ రావడం సహజం. బాగా తక్కువ వస్తే మాత్రం బాల్కనీని కూడా కార్పెట్‌లో కలిపేశారేమో అడగండి.

రెండోది, కట్టాక కొలత మారితే ఏం చేస్తారన్నది. రెరా నమూనా ఒప్పందం ప్రకారం నిర్మాణం పూర్తయి ఓసీ వచ్చాక బిల్డర్ తుది కార్పెట్ ఏరియాను ధ్రువీకరించాలి. తగ్గితే, ఆ మేరకు డబ్బును 45 రోజుల్లో వడ్డీతో తిరిగివ్వాలి. పెరిగితే, 3 శాతం వరకే అదనంగా అడగవచ్చు. ఇక్కడ చాలా డ్రాఫ్టుల్లో ఒక చిన్న మార్పు జరుగుతుంది. ''3 శాతం వరకు హెచ్చుతగ్గులుంటే ఎవరూ ఎవరికీ చెల్లించనక్కర్లేదు'' అని రాస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మన ఫ్లాట్ 1,150కి బదులు 1,118 ఎస్‌ఎఫ్‌టీ వచ్చిందనుకోండి. తగ్గింది 32 ఎస్‌ఎఫ్‌టీ, అంటే 2.8 శాతం. ఎస్‌ఎఫ్‌టీ రూ.9,326 చొప్పున అది దాదాపు రూ.2.98 లక్షలు. ఆ వాక్యం ఉంటే ఈ డబ్బు మీరు అడగలేరని బిల్డర్ వాదిస్తారు. నమూనాలోని 3 శాతం పెరుగుదలకు పెట్టిన పరిమితే, తగ్గుదలకు ఇచ్చిన మినహాయింపు కాదు.

వాయిదాలు: స్లాబులు అయ్యేసరికి ఎంత కట్టేస్తున్నారు?

చివరిది, చాలామంది బ్యాంకుకు వదిలేసేది చెల్లింపుల పట్టిక. నిర్మాణంతో ముడిపడిన పట్టిక అంటే పని జరిగాకే డబ్బు అని అనుకుంటాం. పట్టికను దగ్గరగా చూస్తే అలా ఉండకపోవచ్చు.

మన ఉదాహరణలోని పట్టిక ఇలా ఉందనుకోండి. ఒప్పందం నాటికి 20 శాతం. పునాదికి 15 శాతం. ఆ తర్వాత రెండేసి మూడేసి స్లాబులకు ఒక వాయిదా చొప్పున 50 శాతం. అంటే చివరి స్లాబ్ పడేసరికి 85 శాతం, అంటే రూ.91,16,250 వెళ్లిపోతుంది. గోడలు, ఫ్లోరింగ్ అయ్యాక 5 శాతం, బయటి పనులకు 5 శాతం, అప్పగింతకు చివరి 5 శాతం.

సమస్య ఎక్కడంటే, కాంక్రీటు చట్రం లేవడం నిర్మాణంలో వేగంగా సాగే పని. ఇప్పుడు హైదరాబాద్‌లో చాలాచోట్ల వాడుతున్న మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చులతో గోడలూ స్లాబూ ఒకేసారి పోసే పద్ధతిలో, పని ఇంకా వేగంగా జరుగుతుంది. నెలలు నెలలు సాగేది ఆ తర్వాతి పని: ప్లాస్టరింగ్, ప్లంబింగ్, లిఫ్టులు, అగ్నిమాపక ఏర్పాట్లు, శుద్ధి ప్లాంటు, కరెంటు, చివరికి ఓసీ. ప్రాజెక్టు ఆగిపోయేది కూడా ఎక్కువగా ఇక్కడే. అప్పటికి మీ దగ్గర మిగిలింది 15 శాతమే అయితే బిల్డర్‌ను తొందరపెట్టే శక్తి కూడా అంతే మిగులుతుంది.

పోల్చి చూడటానికి మహారాష్ట్ర రెరా నమూనా ఒప్పందం పనికొస్తుంది. అక్కడ దశలవారీగా గరిష్ఠ పరిమితులు పెట్టారు. ఒప్పందం తర్వాత మొత్తం 30 శాతం మించకూడదు. ప్లింత్ పూర్తయ్యేసరికి 45, స్లాబులన్నీ అయ్యేసరికి 70. లోపలి గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, తలుపులు అయ్యాక 75. అలా పెరుగుతూ లిఫ్టులు, పంపులు, ఎలక్ట్రికల్ పనులకు 95. మిగిలిన 5 శాతం ఓసీతో అప్పగించేటప్పుడే. తెలంగాణలో కొనేవారికి ఈ పరిమితులు వర్తించవు. కానీ మీ పట్టికను దీని పక్కన పెట్టి చూడొచ్చు. చివరి స్లాబ్ నాటికి 70 శాతమైతే మన ఫ్లాటుకు రూ.75,07,500. మన పట్టికతో తేడా రూ.16 లక్షలు. అంత డబ్బు ఏడాదిన్నర ముందే బ్యాంకు నుంచి విడుదలైతే, 8.5 శాతం వడ్డీ చొప్పున మీరు అదనంగా కట్టేది రూ.2 లక్షలకు పైనే.

పట్టికలో రెండు మాటలు వెతకండి. ఒకటి, ''ఏది ముందైతే అది''. ''10వ స్లాబ్ లేదా 2027 మార్చి, ఏది ముందైతే అది'' అని ఉంటే స్లాబ్ పడకపోయినా మార్చి రాగానే డబ్బు కట్టాలి. అప్పుడు నిర్మాణంతో ముడిపడిన పట్టిక కాస్తా క్యాలెండర్ పట్టిక అయిపోతుంది. రెండోది, ఏ బ్లాకు అన్నది. ప్రాజెక్టులో నాలుగు బ్లాకులుంటే వాయిదా మీ బ్లాకు పనికే ముడిపడాలి. ఎ బ్లాకులో స్లాబ్ పడిందని డి బ్లాకు వాళ్ల నుంచి వసూలు చేయకూడదు.

వాయిదా కట్టమని డిమాండ్ లెటర్ వచ్చినప్పుడు, ఆ దశ పూర్తయిందని ఇంజినీరు ఇచ్చిన సర్టిఫికెట్ అడగండి. ఇది కొత్త కోరిక కాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చే డబ్బులో 70 శాతాన్ని బిల్డర్ విడి ఖాతాలో ఉంచాలి. పని జరిగిన మేరకు ఇంజినీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తేనే అందులోంచి తీయాలి. అంటే అలాంటి సర్టిఫికెట్లు ఆయన దగ్గర ఉండాల్సిందే.

ఒక హెచ్చరిక. ఆలస్యమైందన్న కోపంతో చెప్పాపెట్టకుండా వాయిదాలు ఆపేయకండి. బిల్డర్ గడువు తప్పితే చెల్లింపులు ఆపే హక్కు నమూనా ఒప్పందంలో ఉంది. కానీ ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఆపాలి. లేకపోతే డిఫాల్టర్ మీరే అని కాగితాలు తయారవుతాయి, ఒప్పందం రద్దు చేయడానికి అదే సాకవుతుంది.

బిల్డర్ ఒప్పుకోకపోతే?

''ఒక్కరి కోసం డ్రాఫ్టు మార్చలేం సార్'' అన్న జవాబు రావచ్చు. అప్పుడు మొత్తం ఒప్పందం మార్చమని అడగకండి. పైన చెప్పిన నాలుగు మార్పులనే ఒక మెయిల్‌లో రాసి పంపండి: రెరాలోని తేదీ, ఓసీతో పొజెషన్; రెండు వైపులా ఒకే వడ్డీ రేటు; కార్పెట్ ఏరియా తగ్గితే డబ్బు వాపసు; మీ బ్లాకు పనికే ముడిపడిన వాయిదాలు. మొదటి మూడూ చట్టంలోనో, నమూనా ఒప్పందంలోనో ఇప్పటికే ఉన్నవే. నాలుగోది న్యాయంగా అడగాల్సిన బేరం. ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో ఎందుకంటే, రేపు వివాదం వస్తే మీరు సంతకానికి ముందే అభ్యంతరం చెప్పారనడానికి అదే రుజువు.

ఒప్పుకోకపోతే నిర్ణయం మీదే. ఇంత రాసినా ఆ ఫ్లాటే కొనవచ్చు. కానీ తెలిసి కొంటారు. మార్కెటింగ్ వాళ్లతో గంటసేపు మాట్లాడి ఎస్‌ఎఫ్‌టీకి తగ్గించిన వంద రూపాయలు ఈ ఫ్లాటుపై రూ.1.65 లక్షలు. తేదీ, వడ్డీ రేటు అన్న రెండు వాక్యాల విలువ మన ఉదాహరణలో దాదాపు రూ.15 లక్షలు. ఆదివారం సంతకానికి వెళ్లేముందు శనివారం సాయంత్రం ఆ పేజీలు తెరిచి, మీ ఫ్లాట్ అంకెలతో ఇవే లెక్కలు వేసి చూసుకోండి.